మత్తుకీ కోమాకీ మధ్య ఒక చెంచా

నార్కోలెప్సీ అనే నిద్రజబ్బుకు అమెరికాలో జైరెమ్ అనే మందు ఇస్తారు. చూడటానికి నీళ్లలా ఉంటుంది, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటుంది. దాన్ని తాగే పద్ధతి మాత్రం ఇంకే మందుకూ లేదేమో అనిపిస్తుంది. రాత్రి పడుకోబోయే ముందే రెండు చిన్న సీసాల్లో రెండు మోతాదులు కొలిచి, పావు కప్పు నీళ్లలో కలిపి, పిల్లలు తీయలేని మూతలు పెట్టి పక్కన ఉంచుకోవాలి. ముందు మంచం ఎక్కాలి, ఆ తర్వాతే మొదటి సీసా తాగాలి. తాగాక లేచి లైటు ఆర్పి వద్దామనుకోకూడదు, అలాగే వాలిపోవాలి. చాలామందికి ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో నిద్ర ముంచుకొస్తుంది. అలారం పెట్టుకుని, రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్యలో లేచి, మంచం మీదే కూర్చుని రెండో సీసా తాగాలి. అన్నం తిన్నాక కనీసం రెండు గంటలు ఆగాలి. ఆ రాత్రి మద్యం చుక్క కూడా ముట్టకూడదు.

ఈ మందు మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు. ప్రత్యేక ఫార్మసీ నుంచి, పేరు నమోదు చేయించుకున్న రోగి ఇంటికే వస్తుంది. సీసాలో ఒక మిల్లీలీటరుకు సరిగ్గా 500 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, కొలవడానికి సిరంజి కూడా సీసాతోపాటే వస్తుంది. డాక్టరు రాసిన మోతాదులో తాగినా శ్వాస మందగించవచ్చని, లేపినా లేవనంత మత్తు కమ్మవచ్చని డబ్బా మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది.

ఆ సీసాలో ఉన్నది సోడియం ఆక్సిబేట్, అంటే జీహెచ్‌బీ సోడియం లవణం. గామా హైడ్రాక్సీ బ్యూటిరిక్ ఆమ్లానికి పొట్టిపేరే జీహెచ్‌బీ. ఇదే పదార్థం లండన్, ఆమ్‌స్టర్‌డామ్, సిడ్నీ లాంటి నగరాల నైట్‌క్లబ్బుల్లో లేబుల్ లేని సీసాల్లో చేతులు మారుతుంది. అక్కడ దాన్ని మూతతోనో, సూది తీసేసిన సిరంజితోనో కొలుచుకుంటారు. అక్కడ మంచమూ ఉండదు, ఖాళీ కడుపూ ఉండదు, మద్యం మాత్రం తప్పకుండా ఉంటుంది. కంపెనీ అన్ని కట్టుబాట్లు పెట్టి అమ్మే మందుకే అంత పెద్ద హెచ్చరిక ఉందంటే, ఆ క్లబ్బుల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

జీహెచ్‌బీ కొత్తది కాదు. రష్యన్ రసాయనవేత్త అలెగ్జాండర్ జైత్సెవ్ 1874లోనే దీన్ని తయారుచేశాడు. అప్పట్లో దాంతో ఎవరికీ పని పడలేదు. 1960ల మొదట్లో ఫ్రెంచ్ సర్జన్, పరిశోధకుడు ఆంరీ లబొరీ దాన్ని మళ్లీ బయటికి తీశాడు. మన మెదడులో గాబా అనే రసాయనం ఉంది. నాడీకణాల హడావిడిని తగ్గించి నెమ్మదింపజేయడం దాని పని. గాబానే బయటినుంచి ఇస్తే రక్తంలోంచి మెదడులోకి వెళ్లదు. దానికి దగ్గరగా ఉండి, మెదడులోకి వెళ్లగలిగేది ఏదైనా ఉందా అని లబొరీ వెతికితే జీహెచ్‌బీ చేతికొచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే, అది మన మెదడులో అతి కొద్దిగా సహజంగానే తయారవుతుందని కూడా తేలింది.

యూరప్‌లో కొన్నాళ్లు దీన్ని ఆపరేషన్లలో మత్తు ఇవ్వడానికి వాడారు. కానీ రోగి నిద్రపోతాడే గానీ నొప్పి తగ్గదు. ఒళ్లు ఉన్నట్టుండి ఎగిరెగిరి పడుతుంది, వాంతులవుతాయి. ఎప్పుడు లేస్తాడో డాక్టరు కచ్చితంగా చెప్పలేడు. దాంతో చాలాచోట్ల పక్కన పెట్టేశారు. ఇటలీలో మాత్రం మద్యం మాన్పించే వైద్యంలో ఇప్పటికీ వాడుతున్నారు.

1980ల్లో అమెరికాలో ఇది మరో దారిన జనంలోకి వచ్చింది. రాత్రి తాగితే గ్రోత్ హార్మోన్ పెరుగుతుందనీ, కండలు వస్తాయనీ చెప్పి బాడీబిల్డర్లకు ఆరోగ్య ఉత్పత్తుల దుకాణాల్లో అమ్మారు. కండల మాట ఎలా ఉన్నా, మనసు తేలికపడటం, బిడియం పోవడం, మాటలు రావడం జనానికి నచ్చాయి. స్పృహ తప్పి ఆసుపత్రులకు వచ్చేవాళ్లు ఎక్కువవడంతో 1990లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ అమ్మకాలు ఆపేసింది. 2000లో అక్కడి పార్లమెంటు దీన్ని అత్యంత కఠిన నియంత్రణ ఉన్న మాదకద్రవ్యాల జాబితాలో చేర్చింది. పానీయంలో ఇది కలిసిందని తెలియక తాగి చనిపోయిన ఇద్దరు టీనేజి అమ్మాయిల పేర్లు ఆ చట్టానికి పెట్టారు.

హాయికీ కోమాకీ మధ్య అంతరం ఇంత తక్కువగా ఎందుకుందంటే, మొదటి కారణం మెదడులో ఉంది. గాబా పనిచేసే గ్రాహకాలు ముఖ్యంగా రెండు రకాలు, ఏ, బీ. డయాజెపామ్, ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు ఏ రకం మీద పనిచేస్తాయి, అదీ పరోక్షంగా. మెదడులో అప్పటికే ఉన్న గాబాకు బలం ఇస్తాయి తప్ప గాబా పని తామే చేయవు. అందుకే ఆ మాత్రల ప్రభావానికి ఒక హద్దు ఉంటుంది. వాటిని మద్యంతో గానీ నల్లమందు జాతి మందులతో గానీ కలపనంతవరకూ, ఎక్కువ మింగినవాళ్లు కూడా చాలామంది బతికి బయటపడటానికి కారణం అదే. జీహెచ్‌బీకి ఆ హద్దు లేదు. అది నేరుగా బీ గ్రాహకాల మీద కూర్చుంటుంది. సహజంగా మెదడులో ఉండే కొద్ది పరిమాణానికి ఆ గ్రాహకాలు పెద్దగా లొంగవు. బయటినుంచి తాగి పరిమాణం పెంచితే మాత్రం లొంగుతాయి, పెంచినకొద్దీ మరింత లొంగుతాయి. పార్టీలో మాట్లాడించే ప్రభావం ఒకటి, పడగొట్టే ప్రభావం ఇంకొకటి అని రెండు లేవు. రెండూ ఒకే ఏటవాలు మీద కిందామీదా ఉన్న చోట్లే. హాయిగా ఉందని అనిపించేటప్పటికే మనిషి ఆ ఏటవాలులో సగం ఎక్కేసి ఉంటాడు.

రెండో కారణం శరీరం దాన్ని ఖర్చుచేసే తీరు. దాన్ని గురించి జనం అంతగా వినలేదు గానీ, నా లెక్కలో అసలు కారణం అదే. తాగిన జీహెచ్‌బీలో చాలాభాగం చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్లుగా మారిపోతుంది. మూత్రంలో మారకుండా బయటికొచ్చేది నూటికి ఐదు పాళ్లలోపే. చిన్న మోతాదైతే అరగంట నుంచి గంటలోపు సగానికి సగం పోతుంది. ఇంత త్వరగా పోయేది ప్రమాదం ఏముంటుందని మనకు అనిపిస్తుంది. కానీ ఆ మార్పు చేసే ఎంజైములు పరిమితంగానే ఉన్నాయి. రైల్వే స్టేషన్‌లో నాలుగే టికెట్ కౌంటర్లున్నాయనుకోండి, నలభై మంది వస్తే అరగంటలో పని అవుతుంది. ఒక్కసారిగా నాలుగొందల మంది వస్తే కౌంటర్లు పెరగవు, వరసే పెరుగుతుంది. ఎంజైములన్నీ ఊపిరి సలపక పనిచేస్తున్నప్పుడు వచ్చిన అదనపు మందు రక్తంలోనే తిరుగుతుంది.

దీనికి అంకె కావాలంటే జైరెమ్ కరపత్రంలోనే ఉంది. రాత్రి మొత్తం మోతాదు 4.5 గ్రాముల నుంచి 9 గ్రాములకు, అంటే రెండింతలు చేస్తే, శరీరానికి అందే మందు రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే డాక్టర్లు 4.5 గ్రాములను రెండుగా విభజించి మొదలుపెట్టి, వారానికోసారి మాత్రమే కొంచెం కొంచెం పెంచుతారు. 'నిన్న ఇంత తాగితే బాగుంది, ఇవాళ దానికి కొంచెం ఎక్కువ తాగితే ఇంకొంచెం బాగుంటుంది' అనే లెక్క మద్యంలో కాస్త పనిచేస్తుందేమో గానీ ఇక్కడ పనిచేయదు.

మూడోది కడుపు. తిండి తర్వాత తాగితే మందు రక్తంలో చేరే అత్యధిక స్థాయి సగానికి పైగా తగ్గిపోతుంది. ఆ స్థాయికి చేరే సమయం ముప్పావుగంట నుంచి రెండు గంటలకు జరుగుతుంది. కడుపు నిండిన మనిషికి ఏమీ అనిపించదు కాబట్టి మళ్లీ తాగాలనిపిస్తుంది.

ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఒక రాత్రిని ఊహించి చూద్దాం. మనుషులు కల్పితం, లెక్కలు మాత్రం పైన చెప్పినవే. ఇద్దరు మిత్రులు ఒకే సీసాలోంచి ఒకే మూతతో తాగుతారు. సీసాలో ఎంత గాఢత ఉందో ఇద్దరికీ తెలియదు. మొదటివాడు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. రాత్రి పది గంటలకు మూతెడు తాగితే పదీ ఇరవైకల్లా కళ్లలో వెలుగు, నోటినిండా మాటలు. పదిన్నరకు కాళ్లు తడబడతాయి. పదకొండుకు సోఫాలో ఒరిగిపోతాడు. అదే మూత, అదే సీసా. రెండోవాడు తొమ్మిదింటికి కడుపునిండా తిన్నాడు, రెండు పెగ్గులు కూడా పడ్డాయి. పది నలభై అయినా వాడికి ఏమీ తెలియలేదు. మిత్రుడు ఉషారుగా ఉండటం కళ్లారా చూశాడు కాబట్టి సీసా బాగుందని నమ్మకం, తనకు తక్కువైందని అనుమానం. రెండో మూత తాగాడు.

ఇప్పుడు రెండోవాడి కడుపులో ఏం జరుగుతోందో చూడండి. మొదటి మూత ఇంకా పూర్తిగా రక్తంలోకి వెళ్లనేలేదు. పన్నెండు దగ్గరపడేసరికి అది శిఖరానికి చేరుతుంటుంది. దాని వెనకే రెండోదీ వస్తుంది. అప్పటికే ఎంజైములు నిండి ఉన్నాయి. మద్యం కూడా మెదడును అదే దిశలో తోస్తోంది. వాడి లెక్క ప్రకారం నలభై నిమిషాల వ్యవధిలో రెండు మామూలు మోతాదులు తాగాడు. వాడి శరీరం లెక్కలో మాత్రం ఒకేసారి మూడు నాలుగు మోతాదులు తాగినట్టు. పదకొండున్నరకు బాగున్నట్టే కనిపించిన మనిషి పన్నెండుంబావుకు గిచ్చినా లేవడు. ఇందులో ఎవరూ అత్యాశకు పోలేదు, రెండోవాడు మొదటివాడికన్నా ఒక్క మూత మాత్రమే ఎక్కువ తాగాడు.

ఇక సీసాలో ఉన్నది జీహెచ్‌బీనో కాదో కూడా వాళ్లకు తెలియదు. జీహెచ్‌బీ మీద నిఘా పెరిగాక దాని బంధువులు రెండు బజారులోకి వచ్చాయి. ఒకటి జీబీఎల్, పరిశ్రమల్లో ద్రావకంగా వాడతారు. రక్తంలోకి వెళ్లగానే అక్కడి ఎంజైములు దాన్ని నిమిషాల్లో జీహెచ్‌బీగా మార్చేస్తాయి. నీళ్లలో కలిపిన జీహెచ్‌బీ లవణం కన్నా ఇది చాలా చిక్కనిది, శరీరంలోకీ త్వరగా ఇంకుతుంది. నిన్నటి సీసాకు అలవాటైన చెయ్యి ఇవాళ అదే మూతతో దీన్ని కొలిస్తే, కొలత ఒకటే, మోతాదు వేరు. రెండోది బ్యూటేన్‌డయాల్. ప్లాస్టిక్, నూలు తయారీలో వాడే ఈ ద్రావకాన్ని మద్యాన్ని విరిచే ఎంజైమే జీహెచ్‌బీగా మారుస్తుంది. తాగినవాడి ఒంట్లో మద్యం ఉంటే ఆ ఎంజైము ముందు మద్యం పని చూసుకుంటుంది, బ్యూటేన్‌డయాల్ వరసలో నిలబడుతుంది. మద్యం దిగిపోతోందని అనిపించే వేళకు దీని వంతు వస్తుంది. ఇంటికి వెళ్లి పడుకున్న మనిషి అక్కడ కోమాలోకి వెళ్లడం అలా జరుగుతుంది.

బ్యూటేన్‌డయాల్ గురించి ప్రపంచానికి తెలిసింది మాత్రం క్లబ్బుల్లో కాదు, ఆటబొమ్మల దుకాణంలో. 2007లో ఆస్ట్రేలియాలో బిందీజ్ అనే రంగురంగుల పూసల ఆట పిల్లలకు పిచ్చిగా నచ్చింది. పూసలను అమర్చి నీళ్లు చిలకరిస్తే అవి ఒకదానికొకటి అతుక్కుని బొమ్మ తయారవుతుంది. అమెరికాలో అక్వా డాట్స్ అనే పేరుతో అమ్మారు. ఆ సంవత్సరం చివర్లో సిడ్నీలో ఒక చిన్న పిల్లవాడిని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు. దెబ్బ లేదు, జ్వరం లేదు. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు కొన్ని ఇలాగే ఉంటాయి కాబట్టి డాక్టర్లు మూత్రం పరీక్ష చేశారు. అందులో జీహెచ్‌బీ కనిపించింది. ఒక అరుదైన జన్యులోపంలో పిల్లల శరీరంలోనే జీహెచ్‌బీ పేరుకుపోతుంది. కానీ పిల్లవాడు కొన్ని గంటల్లో లేచి మామూలుగా తిరగసాగాడు. జన్యులోపమైతే అలా జరగదు. అప్పుడు పూసలను పరీక్షించారు. వాటిలో జీహెచ్‌బీ లేదు, బ్యూటేన్‌డయాల్ ఉంది. పూసలు మింగిన పిల్లవాడి ఒళ్లే జీహెచ్‌బీని తయారుచేసింది.

పూసల జిగురులో ఉండాల్సింది పెంటేన్‌డయాల్ అనే ప్రమాదంలేని రసాయనం. దాని ధర ఎక్కువ. చైనాలో పూసలు తయారుచేసినచోట దానికి బదులు చవకైన బ్యూటేన్‌డయాల్ వాడారు. నవంబరులో ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఆ ఆటను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఒక్క అమెరికాలోనే 42 లక్షల సెట్లు. పార్టీ, మత్తు, నేరం ఏవీ లేని చోట, కేవలం మోతాదు వల్ల మాత్రమే మనిషి ఎంత త్వరగా పడిపోతాడో ఈ ఉదంతం చెబుతుంది. అందుకే విషవైద్యం చదివేవాళ్లకు దీన్ని ఇప్పటికీ చెబుతారు.

ఎమర్జెన్సీ వార్డుల్లో పనిచేసే డాక్టర్లు దీన్ని గుర్తుపట్టేది రక్తపరీక్షతో కాదు, తీరుతో. కుర్రవాడు పూర్తిగా స్పృహలో లేడు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఒళ్లు చల్లబడింది, వాంతి చేసుకున్నాడు, చేతులు కాళ్లు మధ్యమధ్య ఎగిరిపడుతున్నాయి. గొంతులోకి గొట్టం వేద్దామని దగ్గరకు వెళ్తే ఒక్కసారిగా విరుచుకుపడి మంచం మీద పెనుగులాడతాడు. వదిలేస్తే మళ్లీ కోమా. రెండు మూడు గంటల తర్వాత, ఏమీ జరగనట్టు లేచి కూర్చుని నా చెప్పులేవి అంటాడు. నల్లమందు జాతి మందులకు విరుగుడైన నాలోక్సోన్ ఇస్తే దీనికి పనిచేయదు, నిద్రమాత్రల విరుగుడు ఫ్లుమజెనిల్ కూడా పనిచేయదు. జీహెచ్‌బీకి విరుగుడు మందే లేదు. శ్వాసదారి మూసుకుపోకుండా చూసుకుంటూ, శరీరం తన పని తాను ముగించేదాకా కాపలా కాయడమే వైద్యం.

ఈ 'లేచి కూర్చోవడం' వల్లే క్లబ్బులకు వెళ్లేవాళ్లలో ఒక ధీమా పుట్టింది, పడుకోబెడితే రెండు గంటల్లో అదే లేస్తుందని. చాలాసార్లు లేస్తారు కూడా. 2004లో రాబర్ట్ గేబుల్ అనే అమెరికన్ పరిశోధకుడు వివిధ మత్తుపదార్థాలకు మామూలు మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య నిష్పత్తి లెక్కగట్టాడు. మద్యానికి సుమారు 10, జీహెచ్‌బీకి సుమారు 8. ఎనిమిదింతలు అంటే బోలెడంత అంతరం ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ జీహెచ్‌బీలో స్పృహ తప్పడానికి రెండింతలు చాలు. రెండింతలకూ ఎనిమిదింతలకూ మధ్య ఉన్న మనిషిని మందు నేరుగా చంపకపోవచ్చు. వెల్లకిలా పడుకున్నప్పుడు వాంతి గొంతులోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నాలుక వెనక్కి జారవచ్చు. దిండులో ముఖం కూరుకుపోవచ్చు. స్నానాల తొట్టిలోనో ఈతకొలనులోనో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. స్పృహలో ఉన్నవాడికి ఒక పొలమారుడుతో పోయేది వీడికి ప్రాణం మీదికొస్తుంది.

చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కువగా పొరబడేది గురక దగ్గర. 'గురక పెడుతున్నాడు, అంటే బాగానే నిద్రపోతున్నాడు' అనుకుంటారు. గరగరమనే గట్టి గురక అంటే గాలి దారి సగం మూసుకుపోయిందని అర్థం. పేరు పెట్టి పిలిచినా, భుజం మీద గట్టిగా గిల్లినా పలకనివాడు నిద్రలో లేడు. వెంటనే పక్కకు తిప్పి, పై కాలు మడిచి ముందుకు పెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, నోరు కిందికి వాలేలా పడుకోబెట్టాలి. మన దగ్గరైతే 108కి ఫోన్ చేసి, ఏం తాగాడో తెలిసినంతవరకూ దాచకుండా చెప్పాలి. కాఫీ పోయడం, చన్నీళ్లు చల్లడం, బలవంతంగా కక్కించడం, లేపి నడిపించడం ఇవేవీ పనికిరావు. కక్కించడం మరీ ప్రమాదం. అంబులెన్స్ వచ్చేదాకా పక్కన ఒకరు కూర్చుని ఊపిరి గమనిస్తూ ఉండాలి.

ఇంకొక సంగతి మన తెలుగువాళ్లకు దగ్గరది. అంతరం తక్కువగా ఉండే నిద్రమందులు జీహెచ్‌బీతో మొదలవలేదు. 1951లో ఇంద్ర కిశోర్ కక్కర్, సయ్యద్ హుస్సేన్ జహీర్ అనే ఇద్దరు రసాయనవేత్తలు మలేరియా మందు కోసం వెతుకుతూ మెథాక్వలోన్ తయారుచేశారు. అప్పట్లో జహీర్ హైదరాబాద్‌లోని కేంద్ర ప్రయోగశాలలకు అధిపతి. మలేరియాకు అది పనికిరాలేదు గానీ మంచి నిద్ర తెప్పించింది. పశ్చిమ దేశాల్లో మాండ్రాక్స్, క్వాలూడ్ పేర్లతో ఇది సురక్షితమైన నిద్రమాత్రగా అమ్ముడుపోయింది. మద్యంతో కలిపితే ఊపిరి ఆగిపోతోందని అర్థమయ్యాక ఒక్కో దేశంలో దాన్ని నిషేధించారు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్ కూడా ఇలాంటిదే. దాన్ని పందొమ్మిదో శతాబ్దంలోనే నిద్రమందుగా వాడారు. మత్తెక్కించే మోతాదుకూ గుండె లయ తప్పించే మోతాదుకూ మధ్య దూరం తక్కువని అప్పట్లోనే తెలుసు. ఇప్పుడు కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపామ్ కూడా కలుపుతున్నారు. కుండలో పొడి ఎంత వేశారో తాగేవాడికి తెలియదు. పైన చెప్పిన లేబుల్ లేని సీసా సంగతే ఇది కూడా.

కల్తీ కల్లు మీద దాడులు జరిగి దుకాణాలు మూతపడ్డప్పుడు నిజామాబాద్ లాంటి జిల్లాల్లో జనం వణుకుతూ, లేనిపోనివి కనిపిస్తున్నాయంటూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. మెదడును రోజూ బలవంతంగా నెమ్మదిపరిస్తే, ఆ బరువు తీసిన రోజున అది తిరగబడుతుంది. జీహెచ్‌బీ రోజూ వాడేవాళ్లకు ఇదే జరుగుతుంది, ఇంకా త్వరగా. మందు గంటల్లో దిగిపోతుంది కాబట్టి అలవాటైనవాళ్లు రెండు మూడు గంటలకోసారి, రాత్రి అలారం పెట్టుకుని మరీ లేచి తాగుతారు. ఒక్కసారిగా మానేస్తే కొన్ని గంటల్లోనే చెమటలు, గుండెదడ, భ్రమలు మొదలై రోజుల తరబడి ఉంటాయి. నెదర్లాండ్స్‌లో ఈ వ్యసనం చిన్న ఊళ్లలో కూడా బాగా కనిపిస్తుంది. అక్కడి వైద్యులు ఔషధ నాణ్యత ఉన్న జీహెచ్‌బీనే ఆసుపత్రిలో కొలిచి ఇస్తూ, రోజురోజుకూ తగ్గిస్తూ మాన్పిస్తారు. ఇంటి దగ్గర గదిలో పెట్టి తాళం వేసి మాన్పిద్దామనుకోవడం దీని విషయంలో ప్రాణాంతకం.

నేరం సంగతి వేరుగా చెప్పాలి. 2014, 2015 సంవత్సరాల్లో తూర్పు లండన్‌లోని బార్కింగ్‌లో పదిహేను నెలల వ్యవధిలో నలుగురు యువకుల శవాలు దగ్గరదగ్గర చోట్ల దొరికాయి. మొదటిది ఒక అపార్ట్‌మెంట్ బయట, మిగిలినవి దాపులోనే ఉన్న చర్చి స్మశానంలోనో దాని పక్కనో. మత్తు ఎక్కువ తీసుకుని చనిపోయారని పోలీసులు అనుకున్నారు. వాటిని కలిపి చూడాలని చాలాకాలం ఎవరికీ తోచలేదు. చివరికి స్టీఫెన్ పోర్ట్ అనేవాడు వాళ్లను పిలిచి, జీహెచ్‌బీ ఇచ్చి చంపాడని 2016లో కోర్టు తేల్చి, జీవితాంతం జైలు విధించింది. పోలీసులు మొదట్లోనే సరిగా దర్యాప్తు చేసి ఉంటే తర్వాతి ముగ్గురు బతికేవాళ్లేమోనని 2021లో మరణవిచారణ జ్యూరీ చెప్పింది. బ్రిటన్ 2022లో ఈ మందుల మీద శిక్షలు పెంచింది.

పోలీసుల నిర్లక్ష్యం ఒక ఎత్తైతే, దీన్ని పట్టుకోవడం నిజంగానే కష్టం. మామూలు మూత్రపరీక్ష కిట్లలో జీహెచ్‌బీ తగలదు, ప్రత్యేకంగా అడిగి పరికరాల మీద చేయించాలి. రక్తంలో ఆరేడు గంటలు, మూత్రంలో సుమారు పన్నెండు గంటలు దాటితే కనిపించదు. పైగా ఇది ప్రతి మనిషిలోనూ సహజంగా కొంత ఉంటుంది, శవంలో మరికొంత పుడుతుంది. అందుకే ఒక స్థాయి దాటితేనే బయటినుంచి వచ్చిందని నిపుణులు చెప్పగలరు. ఎవరికైనా రెండు గుక్కలు తాగగానే అసాధారణంగా మత్తెక్కి, మధ్యలో కొన్ని గంటలు ఏమీ గుర్తులేకపోతే, ఏదైనా కలిపారన్న అనుమానం ఉంటే, ఇంట్లో స్నానం చేసి తేరుకుని మర్నాడు వెళ్దామనుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మొదటిసారి వచ్చే మూత్రాన్ని ఆసుపత్రిలోనే ఇవ్వాలి, ఆపుకోలేకపోతే శుభ్రమైన సీసాలో పట్టి టైము రాసి తీసుకెళ్లాలి. జీహెచ్‌బీకి పరీక్ష చేయండి అని పేరు పెట్టి అడగాలి. అడగకపోతే చేయరు.